పొత్తికడుపు స్కానింగులో నీటి తిత్తి, ఫైబ్రాయిడ్: నెలసరి క్రమం తప్పిన యువతి రిపోర్టును చదువుకొనే విధానం

నెలసరి క్రమం తప్పిన అమ్మాయిని వైద్యుల వద్దకు తీసుకువెళ్ళినప్పుడు తరచుగా వ్రాసి ఇచ్చే మొదటి పరీక్ష పొత్తికడుపు అల్ట్రాసౌండ్ స్కానింగు. రిపోర్టు ఇంగ్లీషులో వస్తుంది. దానిని చదివి చెప్పేవారు హోసూరులో తమిళంలోనో కన్నడంలోనో చెబుతారు, బళ్ళారిలో కన్నడంలో చెబుతారు, నాందేడ్‌లో మరాఠీలో చెబుతారు. ఆ మాట ఇల్లు చేరేసరికి తెలుగులో ‘కడుపులో గడ్డ’ అవుతుంది.

చిక్కు అక్కడే మొదలవుతుంది. తమిళంలో అండాశయంలోని నీటి తిత్తిని ‘నీర్‌కట్టి’ అంటారు. గర్భాశయంలోని ఫైబ్రాయిడ్ కూడా వాడుకలో ‘కట్టి’యే. కన్నడంలో ‘గడ్డె’, మరాఠీలో ‘గాఠ్’, తెలుగులో ‘గడ్డ’ అనే మాటలు కూడా రెంటికీ చెల్లుతాయి. నిజానికి ఇవి రెండు వేరు వేరు అవయవాలలో పుట్టే రెండు వేరు వేరు వస్తువులు. నీటి తిత్తి అండాశయంలో ఉండే ద్రవంతో నిండిన సంచి. ఫైబ్రాయిడ్ గర్భాశయపు గోడలోని కండరం నుండి పెరిగే గట్టి ముద్ద. మొదటిది చాలావరకు వచ్చిపోయేది. రెండవది వస్తే సాధారణంగా ఏళ్ళ తరబడి ఉండేది. రెండింటిలో అధిక భాగం క్యాన్సరు కావు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. నెలసరి ఎందుకు క్రమం తప్పిందో తెలుసుకోవడానికి స్కానింగు చేయిస్తారు. స్కానింగులో ఏదో ఒకటి కనబడుతుంది. కనబడినదే కారణమని ఇంటిల్లిపాదీ నిశ్చయించుకుంటారు. ఆ నిశ్చయం తరచుగా తప్పు అవుతుంది. దాని వలన అవసరం లేని ఆపరేషన్ జరగవచ్చు, అసలు కారణం బయటపడకుండా మిగిలిపోవచ్చు. ఒక రిపోర్టును వరుసగా చదివితే ఈ విషయం స్పష్టమవుతుంది.

ఉదాహరణగా ఒక రిపోర్టు

హోసూరు ప్రాంతపు గ్రామంలోని 22 ఏళ్ళ అవివాహిత యువతి ఒకరిని ఊహించుకుందాం. ఆమెకు 13వ ఏట రజస్వల అయింది. మొదటి రెండేళ్ళ తరువాత నెలసరి 30 రోజులకు అటూ ఇటూగా వచ్చేది. గత ఏడాదిన్నరగా 45 రోజులకు ఒకసారి, 70 రోజులకు ఒకసారి వస్తున్నది. ఆరు కిలోల బరువు పెరిగింది. ఎప్పుడూ అలసటగా ఉంటున్నది. జుట్టు రాలుతున్నది. పరీక్షలకు చదివిన శ్రమ వలన అని ఇంట్లో అనుకున్నారు.

ఆమెకు తీసిన స్కానింగు రిపోర్టు సారాంశం ఇది. గర్భాశయం 7.2 సెం.మీ. పొడవు, మామూలు పరిమాణం. ముందు గోడలో 16 × 14 మి.మీ. ఇంట్రామ్యూరల్ ఫైబ్రాయిడ్. గర్భాశయ లోపలి పొర మందం 9 మి.మీ. కుడి అండాశయంలో 36 × 32 మి.మీ. సింపుల్ సిస్టు. ఎడమ అండాశయం ఘనపరిమాణం 7.5 మి.లీ., మామూలుగా ఉన్నది. పొత్తికడుపులో ద్రవం చేరలేదు.

రిపోర్టు చివర రెండే మాటలు పెద్ద అక్షరాలలో ఉన్నాయి: కుడి అండాశయ సిస్టు, గర్భాశయ ఫైబ్రాయిడ్. ఇంట్లో అందరూ ఆ రెండు మాటలే చదివారు. పెళ్ళి మాటలు నడుస్తున్న ఇల్లు కావడంతో, విషయం బయటకు పొక్కక ముందే రెండు గడ్డలూ తీయించివేయడం మంచిదని దగ్గరి బంధువులు సలహా ఇచ్చారు.

స్కానింగు జరిగిన రోజు

రిపోర్టులో మొదట చూడవలసినది జబ్బు పేరు కాదు, తేదీ. చివరి నెలసరి మొదలైన రోజు నుండి లెక్కిస్తే స్కానింగు ఎన్నవ రోజున జరిగిందో తెలియాలి. ఈ యువతికి అది 38వ రోజున జరిగింది.

ప్రతి నెలా అండాశయంలో ఒక చిన్న నీటి సంచి పెరుగుతుంది. దీనిని అండపుటిక లేదా ఫాలికల్ అంటారు. అండం దాని లోపలే పరిపక్వమవుతుంది. సంచి సుమారు 20 మి.మీ. వరకు పెరిగి, పగిలి, అండాన్ని విడుదల చేస్తుంది. పగిలిన చోట మరికొన్ని రోజులు మరొక చిన్న సంచి నిలుస్తుంది. నెలసరి రాగానే అదీ కుంచించుకుపోతుంది. కనుక ఆరోగ్యవంతురాలైన యువతికి నెల మధ్యలో స్కానింగు తీస్తే అండాశయంలో నీటి సంచి కనబడి తీరుతుంది. అది జబ్బు కాదు, అండాశయం పనిచేస్తున్నదనడానికి గుర్తు. అందువలననే 3 సెం.మీ. లోపలి మామూలు నీటి సంచిని నిపుణులు సిస్టుగా పేర్కొనరు.

తిత్తి ఉన్నదో లేదో నిర్ధారించుకోవడానికి నెలసరి మొదలైన తరువాత 5వ రోజుకూ 10వ రోజుకూ మధ్య తీసే స్కానింగు అనువైనది. అప్పటికి పాత సంచి పోయి ఉంటుంది, కొత్తది ఇంకా పెరగదు. లోపలి పొర కూడా పలచగా ఉంటుంది గనుక గర్భాశయపు లోపలి భాగం స్పష్టంగా కనబడుతుంది.

అవివాహితలకు ఈ స్కానింగును పొట్ట మీద నుండే చేస్తారు. దానికి మూత్రాశయం నిండి ఉండాలి. గంట ముందుగా నాలుగైదు గ్లాసుల నీరు త్రాగి మూత్రానికి వెళ్ళకుండా ఉండడం అందుకే. మూత్రాశయం నిండకపోతే అండాశయాలు ప్రేగుల వెనుక దాగిపోతాయి. రిపోర్టులో ‘అండాశయం సరిగా కనబడలేదు’ అని వస్తుంది. అలా వచ్చినంత మాత్రాన అండాశయం లేదని గాని, పాడైనదని గాని అర్థం కాదు. యోని మార్గం ద్వారా చేసే స్కానింగు మరింత స్పష్టంగా ఉంటుంది గాని, దానిని అవివాహితలకు సాధారణంగా చేయరు. ఎవరికైనా ముందుగా చెప్పి, సమ్మతి తీసుకొని మాత్రమే చేయాలి.

కుడి అండాశయంలోని నీటి తిత్తి

ఇప్పుడు 36 × 32 మి.మీ. సింపుల్ సిస్టు సంగతి. ఏదో ఒక నెలలో అండపుటిక పగలక అలాగే పెరిగితే ఇటువంటి తిత్తి ఏర్పడుతుంది. నెలసరి ఆలస్యమయ్యే అమ్మాయిలలో ఇది మరింత సహజం. అంటే తిత్తి వలన నెలసరి ఆలస్యం కావడం కంటే, అండం సమయానికి విడుదల కాకపోవడం వలననే నెలసరి ఆలస్యమూ, తిత్తీ రెండూ కలగడం ఎక్కువ. ఒకే కారణానికి ఇవి రెండు ఫలితాలు.

తిత్తి విషయంలో చూడవలసినవి రెండు: లోపల ఏమున్నది, పరిమాణం ఎంత. ‘సింపుల్’ అనే మాటకు ఇక్కడ నిర్దిష్టమైన అర్థం ఉన్నది. గోడ పలచగా, నునుపుగా ఉన్నదని, లోపల స్వచ్ఛమైన ద్రవం తప్ప గట్టి భాగం గాని, అడ్డుగోడలు గాని లేవని భావం. తెర మీద అది పూర్తి నల్లని వృత్తంలా కనబడుతుంది. బ్రిటన్‌లోని ప్రసూతి, స్త్రీ వైద్య నిపుణుల రాయల్ కళాశాల 2011లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, నెలసరి ఆగని వయసు స్త్రీలలో 5 సెం.మీ. లోపలి సింపుల్ సిస్టుకు మళ్ళీ పరీక్ష కూడా సాధారణంగా అవసరం లేదు. మూడు నెలసరులు గడిచేలోగా అది దాదాపు ఎల్లప్పుడూ తనంతట తానే పోతుంది. 5 నుండి 7 సెం.మీ. వరకు ఉంటే ఏడాదికి ఒకసారి స్కానింగుతో గమనిస్తారు. అంతకంటే పెద్దదైతే ఎం.ఆర్.ఐ. పరీక్షనో, ఆపరేషన్‌నో ఆలోచిస్తారు. మన ప్రాంతాలలో వైద్యులు మనశ్శాంతి కొరకు చిన్న తిత్తికి కూడా 6 నుండి 12 వారాల తరువాత ఒకసారి స్కానింగు తీయిస్తూ ఉంటారు.

ఇక్కడొక భ్రమ ఏర్పడే అవకాశం ఉన్నది. తనంతట తానే పోయే తిత్తికి మధ్యలో ఏ మందు ఇచ్చినా, తిత్తి పోయిన ఖ్యాతి ఆ మందుకే దక్కుతుంది. గర్భనిరోధక మాత్రలు కూడా ఉన్న తిత్తిని త్వరగా కరిగించలేవని పరిశోధనలలో తేలింది. నెలసరిని క్రమపరచడానికి అవి ఉపయోగపడవచ్చు గాని, అది వేరే ప్రయోజనం.

అన్ని తిత్తులూ ఈ కోవకు చెందవు. లోపల కొవ్వు, వెంట్రుకలు ఉండే డెర్మాయిడ్ తిత్తి తనంతట తాను పోదు. నెలసరి సమయంలో తీవ్రమైన నొప్పితో బాధపడేవారిలో పాత రక్తం నిండిన ‘చాక్లెట్ సిస్టు’ ఉండవచ్చు. అదీ సాధారణంగా అలాగే ఉండిపోతుంది. లోపల గట్టి భాగం ఉన్నదనీ, దానికి రక్త ప్రసారం ఎక్కువగా ఉన్నదనీ రిపోర్టులో ఉంటే నిపుణులకు వెంటనే చూపించాలి. అయితే వీటికి సైతం యువతులలో వీలైనంతవరకు తిత్తిని మాత్రమే తొలగించి అండాశయాన్ని నిలుపుతారు. కనుక ఆపరేషన్ చెప్పినప్పుడు అడగవలసిన ప్రశ్న: ‘తిత్తిని తీస్తారా, అండాశయాన్నే తీస్తారా?’

సి.ఏ. 125 అనే రక్త పరీక్షను గురించి కూడా ఒక మాట. క్యాన్సరు భయంతో కొందరు దీనిని తామే అడిగి చేయించుకుంటారు. ఫైబ్రాయిడ్ ఉన్నా, చాక్లెట్ సిస్టు ఉన్నా, చివరకు నెలసరి జరుగుతున్నా ఈ అంకె పెరగవచ్చు. స్పష్టమైన సింపుల్ సిస్టు ఉన్న యువతికి ఆ పరీక్ష అవసరం లేదు. చేయిస్తే భయం పెరగడమే ఫలితం.

ముందు గోడలోని ఫైబ్రాయిడ్

ఫైబ్రాయిడ్ విషయంలో పరిమాణం కంటే ముందు స్థానం చూడాలి. గర్భాశయాన్ని ఒక గదిగా భావిస్తే ఇది సులభంగా అర్థమవుతుంది. గది లోపలికి పొడుచుకు వచ్చినది సబ్‌మ్యూకస్ ఫైబ్రాయిడ్. గోడ మందంలోనే ఇమిడి ఉన్నది ఇంట్రామ్యూరల్. గోడ వెలుపలికి పెరిగినది సబ్‌సీరస్.

గది లోపలికి వచ్చినది చిన్నదైనా ఇబ్బంది పెడుతుంది. నెలసరిలో రక్తం అధికంగా పోవడం, గడ్డలు గడ్డలుగా పడడం, నెల మధ్యలో రక్తం కనబడడం, గర్భం నిలవకపోవడం దీనివలన కలగవచ్చు. గోడలో ఉన్నది పెద్దదైతే రక్తస్రావం ఎక్కువవుతుంది. చిన్నదైతే చాలామందికి ఉన్నట్లు కూడా తెలియదు. వెలుపలికి పెరిగినది చాలా పెద్దదైతే మూత్రాశయాన్ని నొక్కి మాటిమాటికీ మూత్రం వచ్చేలా చేస్తుంది గాని నెలసరిని అంతగా మార్చదు.

ఇందులో గమనించవలసిన తేడా ఒకటి ఉన్నది. ఫైబ్రాయిడ్ ప్రధానంగా నెలసరిని ఎక్కువ చేస్తుంది, ఎక్కువ రోజులు సాగేలా చేస్తుంది. కాని నెలసరిని నెలల తరబడి వాయిదా వేయదు. నెలసరి ఎప్పుడు రావాలో నిర్ణయించేది మెదడు, అండాశయాల మధ్య నడిచే హార్మోనుల వ్యవహారం. గర్భాశయపు గోడలోని కండరపు ముద్దకు అందులో పాత్ర లేదు. కనుక 70 రోజులకు ఒకసారి నెలసరి వచ్చే అమ్మాయికి 16 మి.మీ. ఇంట్రామ్యూరల్ ఫైబ్రాయిడ్ కారణం కాజాలదు. స్కానింగులో కనబడింది కనుక రిపోర్టులో వ్రాశారు, అంతే. అటువంటిదానికి ఆపరేషన్ అక్కరలేదు. రక్తస్రావం ఎక్కువైతేనో, పొట్ట బరువుగా అనిపిస్తేనో ముందుగా చూపించుకోవాలి. లేనిచో వైద్యులు చెప్పిన వ్యవధిలో మళ్ళీ స్కానింగు తీయించుకుంటే చాలును. పెళ్ళికి గాని, గర్భధారణకు గాని గోడలో ఇమిడిన ఇంత చిన్న ఫైబ్రాయిడ్ సాధారణంగా ఆటంకం కాదు.

‘పాలిసిస్టిక్’ అనే మాట

ఈ యువతి రిపోర్టులో లేకపోయినా, నెలసరి క్రమం తప్పిన అమ్మాయిల రిపోర్టులలో తరచుగా కనబడే మాట మరొకటి ఉన్నది: పాలిసిస్టిక్ అండాశయాలు. దీనిని ‘అండాశయంలో చాలా నీటి బుడగలు’ అని చెబుతారు. పై 36 మి.మీ. తిత్తికీ, ఈ బుడగలకూ సంబంధం లేదు. ఇవి 2 నుండి 9 మి.మీ. మాత్రమే ఉండే పసి అండపుటికలు. పెరగడం ప్రారంభించి, హార్మోనుల సమతూకం తప్పడం వలన మధ్యలో ఆగిపోయినవి. వీటిని తీసివేయవలసిన పని లేదు, కరిగించవలసిన పనీ లేదు. చికిత్స నెలసరికి, హార్మోనులకు, బరువుకు సంబంధించినది. బుడగలకు సంబంధించినది కాదు.

స్కానింగులో ఆ మాట వచ్చినంత మాత్రాన పి.సి.ఓ.ఎస్. అనే జబ్బు ఉన్నట్లు కాదు. పెద్దవారిలో మూడు లక్షణాలలో కనీసం రెండు ఉండాలి. ఒకటి, నెలసరి క్రమం తప్పడం. రెండు, పురుష హార్మోను ఎక్కువైన గుర్తులు. అంటే గడ్డం మీద, పై పెదవి మీద ముతక వెంట్రుకలు, తగ్గని మొటిమలు, లేదా రక్త పరీక్షలో ఆ హార్మోను అధికంగా ఉండడం. మూడు, స్కానింగులో అండాశయాలు ఆ రీతిగా కనబడడం. 2023లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం, ఒక అండాశయంలో 20 లేదా అంతకు మించి పసి అండపుటికలు ఉంటేనో, అండాశయ ఘనపరిమాణం 10 మి.లీ. లేదా అంతకు పైగా ఉంటేనో మూడవ లక్షణం ఉన్నట్లు లెక్క. పెద్దవారిలో దాని బదులు ఏ.ఎమ్.హెచ్. అనే రక్త పరీక్షను కూడా వాడవచ్చు. మొదటి రెండు లక్షణాలు ఉన్నవారికి జబ్బు నిర్ధారణకు స్కానింగే అవసరం లేదు.

రజస్వల అయిన 8 ఏళ్ళలోపు అమ్మాయిలకు ఈ నిర్ధారణ కొరకు స్కానింగును వాడరాదని కూడా అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ వయసులో ఆరోగ్యవంతుల అండాశయాలు కూడా అలాగే కనబడుతాయి. 15, 16 ఏళ్ళ పాప రిపోర్టులో ఆ మాట చూసి తల్లిదండ్రులు బెంగపడనక్కరలేదు.

లోపలి పొర మందం

రిపోర్టులో ఎవరూ పట్టించుకోని పంక్తి గర్భాశయ లోపలి పొరను గురించినది. నెలసరిలో రాలిపోయేది ఈ పొరే. నెలసరి అయిన వెంటనే పలచగా ఉండి, తరువాత క్రమంగా మందమవుతుంది. 38వ రోజున 9 మి.మీ. ఉండడంలో తప్పేమీ లేదు.

కాని నెలసరి మూడు నెలలకు పైగా రాకుండా పోతూ ఉంటే ఈ పొర రాలక పెరుగుతూనే ఉండవచ్చు. ఆ తరువాత వచ్చే నెలసరిలో రక్తం విపరీతంగా పోతుంది. ఏళ్ళ తరబడి అలాగే సాగితే ఆ పొరలో హానికరమైన మార్పులు కలిగే అపాయం ఉన్నది. అందువలననే 90 రోజులు దాటినా నెలసరి రానివారికి, గర్భం లేదని నిర్ధారించుకొన్న తరువాత, వైద్యులు కొద్ది రోజులు ప్రొజెస్టరాన్ మాత్రలు ఇచ్చి నెలసరి రప్పిస్తారు. నెలసరి రాకపోతే హాయిగానే ఉన్నదని ఊరుకోవడం మంచిది కాదు. గడ్డలను చూసి భయపడే కుటుంబాలు చాలాసార్లు ఈ అసలైన విషయాన్ని విస్మరిస్తాయి.

అసలు కారణం ఎక్కడ దొరికింది?

ఆ యువతి కథలోకి తిరిగి వస్తే, తల్లి ఆమెను ప్రభుత్వ ఆసుపత్రిలోని స్త్రీ వైద్యురాలి వద్దకు తీసుకువెళ్ళింది. రిపోర్టు ముందు పెట్టి, “డాక్టరమ్మా, రెండు గడ్డలూ ఒక్కసారే తీసేస్తే పీడ వదులుతుంది కదండీ?” అని అడిగింది.

వైద్యురాలు రిపోర్టు చదివి, “తీయాల్సిందేమీ లేదమ్మా. ఒకటి దానంతట అదే పోతుంది. రెండోది ఉన్నా ఏమీ చేయదు. నెలసరి రాకపోవడానికి కారణం ఈ కాగితంలో లేదు, ఇంకెక్కడో ఉంది, వెతుకుదాం” అని చెప్పింది. తరువాత యువతి వైపు తిరిగి, గత ఆరు నెలల నెలసరి తేదీలు, రోజుకు మార్చే గుడ్డల సంఖ్య, బరువు, నిద్ర, మలబద్ధకం, చలికి ఓర్వలేకపోవడం, ముఖం మీద వెంట్రుకలు, రొమ్ముల నుండి పాల వంటి ద్రవం రావడం, వాడుతున్న మందులు మొదలైనవన్నీ ఒక్కొక్కటిగా అడిగింది. “గర్భ పరీక్ష కూడా వ్రాస్తున్నానమ్మా. ఇది అందరికీ చేసే పరీక్ష, అనుమానంతో కాదు” అని ముందే చెప్పింది.

రక్త పరీక్షలలో హిమోగ్లోబిన్, థైరాయిడ్‌ను సూచించే టి.ఎస్.హెచ్., ప్రొలాక్టిన్, చక్కెర పరీక్షలు వ్రాసింది. హిమోగ్లోబిన్ 11.2 గ్రాములు ఉన్నది; గర్భిణి కాని స్త్రీకి 12 ఉండాలి. ప్రొలాక్టిన్, చక్కెర మామూలుగా ఉన్నాయి. సుమారు 0.4కూ 4కూ మధ్య ఉండవలసిన టి.ఎస్.హెచ్. 18.6 ఉన్నది. థైరాయిడ్ గ్రంథి మందగించిందని అర్థం. బరువు పెరగడం, అలసట, జుట్టు రాలడం, నెలసరి ఆలస్యం కావడం వీటన్నిటినీ ఒకే త్రాటి మీద కలిపిన కారణం మెడలోని గ్రంథిలో ఉన్నది. పొత్తికడుపు స్కానింగుకు అది ఎన్నటికీ కనబడదు.

లెవోథైరాక్సిన్ మాత్రను ప్రతి ఉదయం పరగడుపున నీటితో వేసుకోమనీ, అర గంట నుండి గంట వరకు కాఫీ, టీ, టిఫిన్ తీసుకోవద్దనీ వైద్యురాలు చెప్పింది. ఇనుము మాత్రను దానితో కలిపి కాక నాలుగు గంటల ఎడంతో వేసుకోమన్నది. రెండూ కలిస్తే థైరాయిడ్ మందు సరిగా ఒంటపట్టదు. ఎనిమిది వారాల తరువాత టి.ఎస్.హెచ్. 5.1కి దిగింది, మోతాదు కొంచెం పెంచారు. పదవ వారంలో నెలసరి వచ్చింది. దాని 6వ రోజున తీసిన స్కానింగులో కుడి అండాశయంలో తిత్తి లేదు. ఫైబ్రాయిడ్ అదే 16 మి.మీ. ఉన్నది. మరి నాలుగు నెలలకు నెలసరి 32 నుండి 36 రోజులకు ఒకసారి రావడం మొదలైంది. తీయించివేద్దామనుకున్న రెండు గడ్డలలో ఒకటి మాయమైంది, రెండవది ఉండగానే నెలసరి కుదుటపడింది. పెళ్ళయి గర్భం దాల్చినప్పుడు థైరాయిడ్ మాత్రను మానరాదనీ, వెంటనే వైద్యులకు చెప్పి మోతాదు సరిచూసుకోవాలనీ వైద్యురాలు చీటీ మీద వ్రాసి ఇచ్చింది.

అందరికీ థైరాయిడే కారణం కాదు. కొందరిలో పి.సి.ఓ.ఎస్. బయటపడుతుంది. కొందరిలో ప్రొలాక్టిన్ పెరిగి ఉంటుంది. మరికొందరిలో బరువు బాగా తగ్గడమో, తీవ్రమైన మానసిక ఒత్తిడో కారణమవుతుంది. ఇవన్నీ చరిత్ర అడగడం వలన, రక్త పరీక్షల వలన తేలేవి.

ఆగరాని సందర్భాలు

చిన్న తిత్తికి ఆపరేషన్ అక్కరలేదన్నంత మాత్రాన ఏ నొప్పినైనా ఇంట్లోనే భరించమని కాదు. తిత్తి ఉన్న అండాశయం ఒక్కొక్కసారి దాని కాడ వద్ద మెలిపడుతుంది. తిత్తి 5 సెం.మీ. దాటినప్పుడు ఈ అపాయం ఎక్కువ. పొత్తికడుపులో ఒక ప్రక్క అకస్మాత్తుగా భరించలేని నొప్పి రావడం, వాంతులు కావడం దీని గుర్తులు. నొప్పి తగ్గి మళ్ళీ రావచ్చు కూడా. రక్త ప్రసారం ఆగిపోతుంది గనుక కొద్ది గంటలలో ఆపరేషన్ జరిగితేనే అండాశయం దక్కే అవకాశం ఎక్కువ. అర్ధరాత్రి అయినా పెద్దాసుపత్రికి వెళ్ళవలసిన స్థితి ఇది. నొప్పి మాత్ర వేసి తెల్లవారే వరకు చూడడం తగదు.

తిత్తి పగిలి లోపల రక్తస్రావమైతే నొప్పితో పాటు కళ్ళు తిరగడం, ముఖం పాలిపోవడం, చెమటలు పట్టడం కలుగుతాయి. వివాహితలకు నెలసరి తప్పి, ఒక ప్రక్క నొప్పి, కొద్దిగా రక్తం కనబడడం ఉంటే గర్భాశయం వెలుపల గర్భం నిలిచి ఉండవచ్చు, అది ప్రాణాపాయకరం. గంటకు ఒక గుడ్డ తడిసిపోయేంత రక్తం వరుసగా కొన్ని గంటలు పోతున్నా ఆగరాదు.

వైద్యుల వద్దకు వెళ్ళేటప్పుడు

రిపోర్టుతో పాటు స్కానింగు ఫిల్ము లేదా చిత్రాలను, పాత రిపోర్టులను కూడా తీసుకువెళ్ళాలి. తిత్తి పెరిగిందా, తగ్గిందా అన్నది రెండు రిపోర్టులను పోల్చితేనే తెలుస్తుంది. ఆరు నెలల నెలసరి తేదీలను ఒక కాగితం మీద వ్రాసుకొని వెళితే వైద్యుల పని సగం తేలికవుతుంది. రజస్వల అయి మూడేళ్ళు దాటినవారికి 21 రోజులకు ముందే వచ్చినా, 35 రోజులు దాటి వచ్చినా, ఏడాదికి 8 కంటే తక్కువసార్లు వచ్చినా క్రమం తప్పినట్లే లెక్క.

వైద్యులు చెప్పేది పొరుగు భాషలో ఉంటే, ‘గడ్డ’ అనే మాట వినగానే ఒక ప్రశ్న వేయాలి: అది అండాశయంలో ఉన్నదా, గర్భాశయంలో ఉన్నదా? అండాశయంలో ఉన్నదంటే, లోపల నీరేనా, గట్టి భాగం కూడా ఉన్నదా, ఎన్ని సెంటీమీటర్లు అని అడగాలి. గర్భాశయంలో ఉన్నదంటే, గది లోపలికి వచ్చిందా, గోడలోనే ఉన్నదా అని అడగాలి. ఆ తరువాత అడగవలసిన చివరి ప్రశ్న: ‘నా నెలసరి క్రమం తప్పడానికి ఇదే కారణమా, లేక ఇది వేరు, అది వేరా?’ ఆపరేషన్ మాట దానికి జవాబు దొరికిన తరువాతి సంగతి.